పెళ్లి 2024 వేసవికి అనుకున్నాం, డబ్బు 2023కే సిద్ధం చేశాం: ఒక కేసు

ఈ కుటుంబం నా దగ్గరికి 2014 జులైలో వచ్చింది. ఊరు, ఉద్యోగం లాంటి ఆనవాళ్లు మార్చాను, కొన్ని అంకెలను గుండ్రం చేశాను. మిగతా కథ జరిగింది జరిగినట్టే. పదేళ్లలో మేం తీసుకున్న నిర్ణయాల్లో ఒకటి పూర్తిగా నా తప్పు. ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే.

భర్త ఇంటర్ కాలేజీలో లెక్చరర్. నేను మాస్టారు అనే పిలుస్తాను. భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, పెళ్లిళ్ల సీజన్‌లో ఇద్దరమ్మాయిలను పనికి పెట్టుకుంటారు. ఒక్కతే కూతురు, అప్పుడు తొమ్మిదో తరగతి. సొంతిల్లు ఉంది. చేతిలో ఉన్నవల్లా కాలనీలో నడిచే 3 లక్షల చీటీ, పాత ఎండోమెంట్ పాలసీ ఒకటి, బ్యాంకులో నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు.

"పదేళ్లలో పెళ్లి. పాతిక లక్షలు కావాలి. నెలకు ఎంత కట్టాలి?" అని మాస్టారు అడిగారు. పాతిక ఎలా వచ్చిందంటే, తోటి లెక్చరర్ ఆ ఏడాది కూతురి పెళ్లికి పాతిక ఖర్చు పెట్టాడట. అందుకే మొదటి గంట పొదుపు మాట ఎత్తలేదు, ఖర్చును విడదీశాం.

బంగారం వేరు, రూపాయలు వేరు

మన ఇళ్లలో పెళ్లి ఖర్చు రెండు రకాలు. హాలు, భోజనాలు, బట్టలు, పురోహితుడు, మేళం, సారె, బస్సులు రూపాయల్లో లెక్క. బంగారం మాత్రం రూపాయల్లో లెక్క కాదు. "అమ్మాయికి 20 కాసులు పెట్టాలి" అంటారు గానీ "5 లక్షల బంగారం పెట్టాలి" అని ఏ తల్లీ అనదు. కాసుకు 8 గ్రాములు, మొత్తం 160 గ్రాములు. మాస్టారి భార్య తన నగల్లోంచి 8 కాసులు ఇస్తానన్నారు. కొనాల్సింది 12 కాసులు, అంటే 96 గ్రాములు.

బాకీ గ్రాముల్లో ఉన్నప్పుడు పొదుపు కూడా గ్రాముల్లోనే ఉండాలని నా వాదన. పదేళ్ల తర్వాత బంగారం ధర ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు, చెప్పాల్సిన పనీ లేదు. చేతిలో గ్రాములుంటే ధర ఎటు పోయినా లెక్క చెదరదు. షేర్ల నుంచి భద్రమైన వాటికి మారడం అనే గొడవ బంగారం భాగానికి రాదు. అది మొదటి రోజు నుంచీ తన గమ్యంలోనే ఉంటుంది.

రూపాయల భాగం ఆనాటి ధరల్లో 8 లక్షలు తేలింది. ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే పదేళ్లకు 17 లక్షల పైచిలుకు. షీట్‌లో కట్నం గడి లేదేమని ఆమె అడిగారు. ఆ గడి నేను వేయను. 1961 నుంచీ నేరమైన దానికి ప్రణాళిక రాయడం నా పని కాదన్నాను. మాస్టారు తల దించుకుని నవ్వారు. ఆ విషయం మళ్లీ రాలేదు.

మొదట చేసినవి

రూపాయల భాగానికి సగటున 9 శాతం రాబడి వేసుకుంటే నెలకు 9 వేలు కట్టాలని వచ్చింది. 6 వేలు షేర్ల మ్యూచువల్ ఫండ్లలో, అందులోనూ ఎక్కువ నిఫ్టీ అనే షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో, నెలనెలా కట్టే సిప్‌గా. 3 వేలు రికరింగ్ డిపాజిట్‌లో. పదేళ్ల వ్యవధి ఉంది కాబట్టి మూడింట రెండొంతులు షేర్లకు ఇవ్వడానికి జంకలేదు.

చీటీ సంగతి వేరే. రిజిస్ట్రేషన్ లేని చీటీ అది, నడిపే ఆవిడ మంచితనమే హామీ. మధ్యలో మానేస్తే నష్టం కాబట్టి చివరిదాకా కట్టమన్నాను, మళ్లీ కొత్తది వేయొద్దన్నాను. మాస్టారి భార్య పాట పాడకుండా ఆఖరుదాకా ఉంచుకున్నారు. 2015 సెప్టెంబర్‌లో డబ్బు క్షేమంగా చేతికొచ్చింది. అది బంగారం భాగానికి మూలధనమైంది.

అదే నవంబర్‌లో ప్రభుత్వం సావరిన్ గోల్డ్ బాండ్లు తెచ్చింది, గ్రాముల్లో కొంటే గడువుకు అప్పటి బంగారం ధర ఇచ్చే బాండ్లు. తొలి విడత గ్రాము 2,684 రూపాయలు, ఏటా 2.75 శాతం వడ్డీ, గడువు 8 ఏళ్లు. 25 గ్రాములు కొన్నాం. మిగతా చీటీ డబ్బు డిపాజిట్‌లో పెట్టి 2018 వరకు విడతలవారీగా 100 గ్రాములు పూర్తి చేశాం. 96కు బదులు 100 ఎందుకంటే, బాండు లెక్క మేలిమి బంగారంతో. నగ 22 క్యారెట్లది. 96 గ్రాముల నగలో మేలిమి 88 గ్రాములే ఉంటుంది. మిగిలే 12 గ్రాముల విలువ తరుగు, మజూరీ, పన్నుల్లో చాలా భాగానికి సరిపోతుంది.

మధ్యలో 2015 జనవరిలో ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి వచ్చింది. ఆమె పేపర్ కటింగ్ పట్టుకుని వచ్చారు. ఖాతా తెరవాలంటే అమ్మాయికి పదేళ్లు దాటకూడదు. వాళ్లమ్మాయికి అప్పటికే పద్నాలుగు. ఐదేళ్ల ముందు ఈ పథకం ఉండుంటే రికరింగ్ డిపాజిట్ బదులు అదే పెట్టించేవాణ్ని.

నా తప్పు

2014లో రాసిచ్చిన కాగితంలో ఒక వాక్యం ఇలా ఉంది: "పెళ్లికి సుమారు నాలుగేళ్ల ముందు నుంచి, మార్కెట్ అనుకూలంగా ఉన్నప్పుడు, షేర్ల భాగాన్ని క్రమంగా భద్రమైన వాటిలోకి మార్చాలి." చదవడానికి బాగానే ఉంది. కానీ అందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. సుమారు అంటే ఏ నెల? అనుకూలం అంటే ఎవరికి అనుకూలం? క్రమంగా అంటే ఎంతెంత?

2020 జనవరిలో సమీక్షకు కూర్చున్నాం. అప్పటిదాకా షేర్లలో కట్టింది దాదాపు 4 లక్షలు, విలువ 5 లక్షల 15 వేలు. నిఫ్టీ 12 వేలు దాటి ఉంది. పెళ్లికి నాలుగేళ్ల నాలుగు నెలలు. పావు వంతు తీసేద్దామన్నాను. మాస్టారు "పండగ వెళ్లాక, బడ్జెట్ కూడా అయ్యాక చూద్దామండీ, మార్కెట్ మంచి ఊపు మీదుంది" అన్నారు. నాలుగేళ్లకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి కదా అని నేనూ ఊరుకున్నాను. నా వాక్యంలో ఉన్న "సుమారు" ఇద్దరికీ తప్పించుకునే దారి ఇచ్చింది.

మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. జనవరి శిఖరం నుంచి 38 శాతం కింద. అప్పటికి 4 లక్షల 14 వేలు కట్టిన ఫండ్ల విలువ 3 లక్షల 30 వేలు. రాత్రి తొమ్మిదిన్నరకు మాస్టారి ఫోన్. "అంతా తీసేద్దామా?" కుట్టుపని ఆగిపోయింది, పెళ్లిళ్లే లేవు.

ఆ రాత్రి నేను వేసుకున్న లెక్క ఇది. డబ్బు నాలుగేళ్లకు కావాలి, రేపు కాదు. బంగారం విడిగా ఉంది, భద్రంగా ఉంది. డిపాజిట్‌లో రెండున్నర లక్షలు కదల్లేదు. ఇప్పుడు అమ్మితే 80 వేల నష్టం ఖాయమవుతుంది, ఆ తర్వాత ఎప్పుడు తిరిగి కొనాలన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అందుకని అమ్మొద్దన్నాను. ఇంటి ఖర్చుకు ఇబ్బంది అయితే రికరింగ్ డిపాజిట్ వాయిదాలు ఆపండి, సిప్ మాత్రం ఆపొద్దు అన్నాను. ఐదు నెలలు అలాగే నడిచింది.

ఇదే పతనం 2023 మార్చిలో వచ్చి ఉంటే నా దగ్గర ఈ సమాధానం ఉండేది కాదు.

కోలుకోవడం నేర్పిన తప్పు పాఠం

నవంబర్‌కల్లా నిఫ్టీ జనవరి గీత దాటింది. పతనంలో కొన్న యూనిట్ల పుణ్యమా అని ఫండ్ల విలువ 6 లక్షల 20 వేలకు చేరింది. మాస్టారు సంతోషంగా "చూశారా, ఆగితే మంచిదే అయింది" అన్నారు. ఆ మాట నన్ను మార్చి ఫోన్ కంటే ఎక్కువ భయపెట్టింది. ఎనిమిది నెలల్లో కోలుకోవడం అదృష్టం. 2008 జనవరిలో నిఫ్టీ 6,287 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ తాకింది 2010 నవంబర్‌లో. నిలకడగా దాటింది 2014లోనే. అంటే ఆరేళ్లు. ఈ రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసి ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే తేదీలు మీరే వేయండి" అన్నారు.

తేదీలు వేయాలంటే ముందు పెళ్లి ఎప్పుడో తెలియాలి. ముగ్గురినీ విడివిడిగా అడిగాను. మాస్టారు 2024 వేసవి అన్నారు. అమ్మాయి అప్పటికి బీటెక్ మూడో ఏడు. రెండేళ్లు ఉద్యోగం చేశాకే, 2024కు ముందు వద్దంది. తల్లిని అడిగిన ప్రశ్న కాస్త వేరు: "మంచి సంబంధం వచ్చి వాళ్లు తొందరపడితే, ఎప్పటికి సరే అంటారు?" ఆవిడ ఆలోచించి, "పిల్ల ఒప్పుకుంటే 2023 చివర్లో అయినా చేసేస్తాం అన్నయ్యగారూ" అన్నారు.

నాకు కావలసిన తేదీ అదే. అనుకున్న తేదీ కాదు, ఒప్పుకోగల తేదీల్లో అన్నిటికంటే ముందుది. పైగా డబ్బు పెళ్లి రోజున ఖర్చు కాదు. ముహూర్తం పెట్టుకున్న వారంలో హాలు అడ్వాన్సు, ఆ వెంటనే వంటవాళ్లకు, తర్వాత బట్టలకు, బంగారానికి. ముహూర్తం నాటికి సగానికి పైగా వెళ్లిపోయి ఉంటుంది. అందుకే 2023 మే తర్వాత షేర్లలో ఒక్క రూపాయి ఉండకూడదని రాసుకున్నాం. ఏడాది ముందుకు జరిపామన్నమాట.

పనిచేసిన పద్ధతి

మొదటి పని, కొత్తగా కట్టే డబ్బును మళ్లించడం. 2020 నవంబర్ నుంచి నెలకు 9 వేలూ డిపాజిట్‌కే. ఇందులో అమ్మేదేమీ లేదు కాబట్టి పన్ను లేదు, బాధా లేదు.

రెండోది, ఉన్న యూనిట్లను ఆరు సమాన భాగాలు చేసి, ప్రతి నవంబర్ 20న, మే 20న ఒక భాగం అమ్మడం. ఆ రోజు సెలవైతే మర్నాడు. శాతాల్లో కాకుండా యూనిట్లలో ఎందుకు రాశానంటే, శాతం అయితే ప్రతిసారీ నేను లెక్క కట్టి చెప్పాలి. చెప్పినప్పుడల్లా చర్చ మొదలవుతుంది. యూనిట్ల సంఖ్య కాగితం మీద ఉంటే ఎవరైనా వెళ్లి అమ్మేయొచ్చు. ఆమె ఆ తేదీలను వంటింటి గోడమీద క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు. ఏడాది మారితే కొత్త క్యాలెండర్‌లో మొదట చుట్టేవి అవే.

2021 నవంబర్‌లో మార్కెట్ పరుగులో ఉంది. మాస్టారు "ఈసారికి ఆగుదామా, ఇంకా పెరిగేలా ఉంది" అన్నారు. 2022 మేలో యుద్ధం, వడ్డీ రేట్ల పెంపుతో పడింది. "ఈసారికి ఆగుదామా, తగ్గి ఉంది కదా" అన్నారు. ఆమె ఫోన్ లాక్కుని, "పెరిగినా వద్దే, తగ్గినా వద్దే అయితే ఇంకెప్పుడండీ? సున్నా చుట్టాం, అమ్మేయండి" అన్నారు. నేను ఏ సమావేశంలోనూ అంత సూటిగా చెప్పలేకపోయాను.

ఆరు విడతలూ కలిపి 7 లక్షల 85 వేలు వచ్చాయి. మొదటిది లక్షా 3 వేలు, చివరిది దాదాపు లక్షన్నర. ఏటా లక్ష వరకు దీర్ఘకాలిక లాభంపై అప్పట్లో పన్ను లేదు. విడగొట్టి అమ్మడంతో రెండేళ్లలో కలిపి కట్టిన పన్ను 3 వేల లోపే. ఒకేసారి చివర్లో అమ్మి ఉంటే 20 వేల పైనే అయ్యేది. పన్ను కోసం విడగొట్టలేదు గానీ, వచ్చిన మేలును కాదనం.

అమ్మిన డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గర కాస్త గొడవైంది. బ్యాంకు అప్పుడు ఐదు, ఐదున్నర శాతమే ఇస్తోంది. ఆమె బంధువు ఒకాయన ఏదో సొసైటీలో పది శాతం ఇప్పిస్తానన్నాడు. మాస్టారికి, కంపెనీలకు అప్పులిచ్చి ఎక్కువ రాబడినిచ్చే డెట్ ఫండ్ల మీద మనసుంది. 2020 ఏప్రిల్‌లో ఒక పెద్ద ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాలను హఠాత్తుగా ఆపేసింది. మదుపరులకు డబ్బు తర్వాత విడతలుగా అందింది. పెళ్లి డబ్బుకు ఆ "తర్వాత" అన్న మాటే చెల్లదు. షేర్ల ప్రమాదం వదిలించుకుని ఇంకో ప్రమాదం నెత్తికెత్తుకోవడం దేనికి? రెండు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేశాం. ఒక్కో బ్యాంకులో ఒకరి పేరున 5 లక్షల వరకే బీమా కాబట్టి, భార్యాభర్తల పేర్ల మీద పంచాం. మెచ్యూరిటీలు 2023 సెప్టెంబర్ నుంచి 2024 జనవరి మధ్య పడేలా వేశాం.

2021 సమీక్షలోనే రాబడి లెక్క తగ్గుతోందని తెలిసింది. షేర్ల నుంచి ముందే బయటికొస్తే ఆ లోటు తప్పదు. జీతం పెరగడంతో నెలకు 9 వేలను 14 వేలు చేశాం. లోటును రాబడితో పూడ్చాలని చూడకుండా వాయిదాతో పూడ్చాం.

పెళ్లి

2023 ఆగస్టులో సంబంధం కుదిరింది. అమ్మాయి ఒప్పుకుంది. పంచాంగం తీస్తే 2024 మే, జూన్ నెలలు మూఢంలో పోయాయి. అబ్బాయి వాళ్లు అన్నాళ్లు ఆగలేమన్నారు. మాఘంలో, అంటే 2024 ఫిబ్రవరిలో ముహూర్తం. వేసవి పెళ్లిళ్లు కూడా మాఘ ఫాల్గుణాల మీద పడటంతో హాళ్లకు పోటీ. అక్టోబర్ చివరి వారంలో లక్షన్నర అడ్వాన్సు కట్టారు. అదే వారం నిఫ్టీ సెప్టెంబర్ శిఖరం నుంచి ఆరు శాతానికి పైగా జారి 18,857కి దిగింది. మాస్టారు ఆ వారం నాకు ఫోన్ చేయలేదు. పదేళ్లలో మార్కెట్ పడినప్పుడు ఆయన ఫోన్ రాకపోవడం అదే మొదటిసారి.

తొలి విడత గోల్డ్ బాండు నవంబర్ 30న గడువు తీరింది. గ్రాముకు 6,132 వచ్చింది. మిగతా విడతలకు ఐదేళ్లు దాటాయి కాబట్టి వడ్డీ తేదీల్లో ముందస్తుగా వెనక్కి ఇవ్వొచ్చు. ఆ తేదీకి ముందే బ్యాంకులో దరఖాస్తు ఇవ్వాలి, ఒక్క రోజు దాటితే ఆరు నెలలు ఆగాల్సిందే. ఆ తేదీలకూ గోడమీద సున్నాలు పడ్డాయి. మొత్తం 6 లక్షల చిల్లర. 12 కాసుల నగలకు తరుగు, మూడు శాతం జీఎస్టీ కలిపి బిల్లు 6 లక్షల 40 వేలు అయింది. మిగతాది బాండ్ల మీద విడి ఖాతాలో పేరుకున్న వడ్డీతో కట్టారు. ఇప్పుడు కొత్త బాండ్లు రావడం లేదు. నేడు ఇదే పని చేయాలంటే బంగారం ధరను అనుసరించే ఫండ్, గోల్డ్ ఈటీఎఫ్ వాడతాను, వడ్డీ ఉండదు, తరుగు డబ్బు విడిగా చూసుకోవాలి.

రూపాయల భాగంలో చేతికొచ్చింది 16 లక్షల 50 వేలు. ఖర్చు 16 లక్షల 90 వేలు. చదివింపులను ఎప్పుడూ లెక్కలో వేసుకోవద్దని పదేళ్లుగా చెబుతున్నాను. వంటవాళ్ల ఆఖరి 40 వేలు మాత్రం పెళ్లి మర్నాడు చదివింపుల సంచిలోంచే వెళ్లాయి.

నెల తర్వాత మాస్టారు పాత కాగితాలన్నీ పట్టుకుని వచ్చారు. లెక్కల మనిషి కదా, ఒకటి వేసుకొచ్చారు. 2020లో ఏమీ అమ్మకుండా ఉంచేసి 2023 అక్టోబర్‌లో తీసి ఉంటే దాదాపు లక్ష అదనంగా వచ్చేదట. నేనూ సరిచూశాను, లెక్క సరిగ్గానే ఉంది. "అంటే మీ సున్నాలకు లక్ష ఖర్చయిందండీ" అన్నారు. అవునన్నాను. పక్కనే ఉన్న ఆమె, "హాలుకు అడ్వాన్సు కట్టిన వారం మీరు రాత్రిపూట నిద్రపోయారు. దానికెంత వేశారు?" అని అడిగారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పటి నుంచి నేను రాసిచ్చే ఏ కాగితంలోనూ "సుమారు", "అనుకూలంగా", "క్రమంగా" అన్న మాటలు ఉండవు. తేదీ, యూనిట్ల సంఖ్య, ఎవరు అమ్ముతారో వాళ్ల పేరు. పెళ్లి తేదీ అడిగేటప్పుడు మాత్రం తండ్రిని చివర్లో అడుగుతున్నాను.